రాఫ్ట్‌కు ఐస్ ఎప్పుడు, దుప్పటి ఎప్పుడు?

మూడో రోజు పొద్దున మా మేస్త్రీ నన్ను నిలదీశాడు. "మొన్న రాత్రేమో లారీల్లో ఐస్ తెప్పించి కాంక్రీట్‌లో కలిపించారు. ఇవాళ ఈ ఎండలో దానిమీద థర్మకోల్ పరిచి, గోనెలు కప్పి, పట్టా కట్టమంటున్నారు. అది చల్లగా ఉండాలా, ఉడుకుగా ఉండాలా? ఏదో ఒకటి చెప్పండి సార్."

నెల్లూరు బయట, ముత్తుకూరు వైపు వెళ్లే దారిలో సైటు. రోహిణి కార్తె నడుస్తోంది. పద్దెనిమిది మీటర్ల పొడవు, పద్నాలుగు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల మందం ఉన్న రాఫ్ట్, కట్టడం మొత్తానికీ ఒకే దిమ్మెగా వేసే పునాది. అంటే దాదాపు 500 ఘనపు మీటర్ల కాంక్రీట్, ఒకే పోత. మేస్త్రీ అడిగిన ప్రశ్నలోనే ఈ పని కిటుకంతా ఉంది. రెండూ చేయాలి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తారుమారైతే, మంచి ఉద్దేశంతో చేసిన పనే రాఫ్ట్‌ను చీలుస్తుంది.

సిమెంట్ గట్టిపడటమంటే ఆరిపోవడం అనుకుంటారు చాలామంది. ఆరడం కాదు, నీళ్లతో కలిసి రసాయనికంగా మారడం. ఆ మార్పులో వేడి పుడుతుంది. ఎంత వేడి? మామూలు ఓపీసీ సిమెంట్ కిలోకు సుమారు 350 కిలోజౌళ్లు వదులుతుందని లెక్క వేసుకుంటే, ఒక్క యాభై కిలోల బస్తాలో దాగి ఉన్న వేడితో అరవై లీటర్ల నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లొచ్చు. ఘనపు మీటరుకు ఎనిమిది బస్తాల చొప్పున వేస్తే మా రాఫ్ట్‌లో నాలుగు వేల బస్తాలు. అందులో పెద్ద భాగం వేడి మొదటి మూడు నాలుగు రోజుల్లోనే బయటపడుతుంది. "మేం 53 గ్రేడే వాడతాం" అని గొప్పగా చెప్పుకునేవాళ్లకు ఇక్కడ ఒక చిన్న చేదు వార్త. ఆ సిమెంట్ మెత్తగా రుబ్బినది, తొందరగా బలం ఇచ్చేది. అందుకే వేడిని కూడా తొందరగా వదులుతుంది.

మరి ఇంటి స్లాబుకు ఈ బాధ ఎందుకు లేదు? అందులోనూ అదే సిమెంట్, అదే వేడి. కాకపోతే అయిదంగుళాల స్లాబులో పుట్టిన వేడి పుట్టినట్టే పైనుంచీ కిందనుంచీ జారిపోతుంది. వేడి బయటికి రావడానికి పట్టే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. పదిహేను సెంటీమీటర్ల గోడ గంటన్నరలో చల్లబడితే, ఒకటిన్నర మీటర్ల గోడకు వారం పడుతుంది. పదిహేను మీటర్ల మందమున్న ఆనకట్ట దిమ్మెకు రెండేళ్లు. మందం పదింతలైతే కాలం వందింతలన్నమాట. మీటరు దాటిన ఏ పోతనైనా అనుమానంగా చూడాలనేది అందుకే.

ఇప్పుడు మా రాఫ్ట్ లెక్క చూద్దాం. వేడి ఎటూ పోకుండా లోపలే ఉండిపోతే, ఘనపు మీటరులోని ప్రతి 100 కిలోల ఓపీసీకి కాంక్రీట్ సుమారు 12 డిగ్రీలు వేడెక్కుతుంది. 400 కిలోలకు 48 డిగ్రీలు. రెండు మీటర్ల మందంలో అంచులనుంచి కొంత పోతుంది కాబట్టి నడిమధ్యన 45 అనుకుందాం. మే నెలాఖరున ఏ జాగ్రత్తా లేకుండా తెచ్చిన కాంక్రీట్ సైటులో పడేసరికే 42 డిగ్రీలు ఉంటుంది. 42కు 45 కలిపితే 87. మీ కాళ్ల కింద, మీటరు లోతులో, చెయ్యి పెడితే బొబ్బలెక్కే దిమ్మె.

వేడెక్కితే మాత్రం పగలడం దేనికి? మనవైపు రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోలు పగలడం నేను కళ్లారా చూడలేదు గానీ, ఆ మాటలో విషయముంది. రాయి మొత్తం ఒకే వేడిలో ఉంటే మొత్తం ఒకేలా సాగుతుంది, దానికేమీ కాదు. ఒక భాగం సాగి, పక్క భాగం సాగకపోతేనే గొడవ. కాంక్రీట్ ఒక డిగ్రీకి మీటరుకు దాదాపు 0.01 మిల్లీమీటరు సాగుతుంది, చల్లబడితే అంతే ముడుచుకుంటుంది. మీటరు కాంక్రీట్‌ను పట్టుకుని లాగితే మాత్రం 0.1 మిల్లీమీటరు సాగకముందే, పచ్చి వయసులోనైతే ఇంకా ముందే, తెగిపోతుంది. అంటే ముడుచుకోవాలనుకుంటున్న కాంక్రీట్‌ను పూర్తిగా కదలకుండా పట్టేస్తే పది డిగ్రీల చల్లదనం చాలు పగలడానికి. నిజంగా అంత గట్టిగా ఏదీ పట్టదు, పచ్చి కాంక్రీట్ కొంత లొంగుతుంది కూడా. అందుకే నడిమికీ పైపొరకూ మధ్య 20 డిగ్రీల తేడాను హద్దుగా పెట్టుకుని పనిచేస్తాం.

ఈ పగుళ్లు రెండు రకాలుగా వస్తాయి, వాటిని కలిపేసి చూస్తే వైద్యం తప్పుతుంది. మొదటిది తొలి వారంలో వచ్చేది. నడుము వేడెక్కి ఉబ్బుతుంటే, గాలి తగిలిన పైపొర చల్లబడి ముడుచుకోవాలని చూస్తుంది. లోపలి దిమ్మె దాన్ని ముడుచుకోనివ్వదు. పైపొర తెగుతుంది. ఈ పగుళ్లు ఎక్కువగా పైపైనే ఉంటాయి. రెండోది తర్వాత, వారాల మీద వచ్చేది. రాఫ్ట్ గట్టిపడింది వేడిలో, అంటే దాని పొడవు స్థిరపడింది ఉబ్బిన స్థితిలో. నెమ్మదిగా చల్లబడుతూ మొత్తం దిమ్మె ముడుచుకోవాలనుకున్నప్పుడు కిందున్న బండ గానీ, పాత కాంక్రీట్ గానీ అడుగును పట్టేస్తుంది. అప్పుడు వచ్చే చీలిక నిలువునా కిందిదాకా పోతుంది. ప్రకాశం జిల్లా పడమటి వైపు బండమీద వేసే పునాదులకు ఈ రెండో రకం భయం ఎక్కువ. నెల్లూరు దగ్గరి పెన్న ఇసుకనేల కొంచెం జరగనిస్తుంది కాబట్టి మాకు మొదటి రకమే ఎక్కువ టెన్షన్.

మొదటి రకాన్ని తేడా తగ్గించి ఆపొచ్చు. రెండో దానికి దుప్పట్లు పనిచేయవు. అసలు ఎంత ఎత్తుకు వేడెక్కిందన్నదే అక్కడ లెక్క. ఆ ఎత్తును తగ్గించాలని మరో కారణం కూడా చెబుతుంది. తొలి రోజుల్లో 70 డిగ్రీలు దాటిన కాంక్రీట్‌లో, మామూలుగా మొదట్లోనే ఏర్పడాల్సిన ఎట్రింజైట్ అనే పదార్థం ఏర్పడకుండా ఆగిపోతుంది. గట్టిపడ్డాక, తేమ దొరికినప్పుడు, ఏళ్ల తర్వాత తీరిగ్గా పుట్టి లోపలినుంచి ఉబ్బిస్తుంది. పునాది అంటేనే తేమ. అప్పుడు వచ్చే పగుళ్లకు ఎవరూ పాత పోతను తిట్టరు, నేలను తిడతారు.

కాబట్టి మా ముందున్న పని: 87ను 70 కిందికి దించాలి. ఐస్ గుర్తొస్తుంది అందరికీ. నాకు మొదట గుర్తొచ్చేది బూడిద. కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ కేంద్రం పక్కనే ఉండగా ఫ్లై యాష్ కోసం వెతుక్కునే పనిలేదు. 400 కిలోల ఓపీసీ బదులు 260 కిలోల ఓపీసీ, 140 కిలోల ఫ్లై యాష్ పెట్టాం. బూడిద కూడా కొంత వేడి ఇస్తుంది, నిదానంగా. దాన్ని సగం సిమెంట్‌గా లెక్కేస్తే వేడి విషయంలో మొత్తం 330 కిలోల సిమెంట్‌తో సమానం. వేడెక్కడం 45 నుంచి 37కు దిగింది. దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది, బలం ఆలస్యంగా వస్తుంది. అందుకే డిజైనర్‌తో ముందే మాట్లాడి, 28 రోజులకు బదులు 56 రోజుల క్యూబు బలం మీద ఒప్పందం చేసుకున్నాం. రాఫ్ట్ మీద పూర్తి బరువు పడేది ఎలాగూ నెలల తర్వాతే. ఈ మాట ముందే కాగితం మీద పెట్టుకోకపోతే, 28వ రోజు క్యూబులు తక్కువ చూపించినప్పుడు మాత్రం రచ్చ అవుతుంది.

42 డిగ్రీల మీద 37 పెట్టినా 79. ఇంకా తొమ్మిది పైన దించాలి. ఇక ఇక్కడ ఐస్.

ఐస్ ఎందుకంత పనిచేస్తుందో ఒక ఘనపు మీటరు కాంక్రీట్‌తో చూపిస్తాను. కంకర, ఇసుక కలిపి 1850 కిలోలు, ఎండలో 38 డిగ్రీల దగ్గర. సిమెంట్, బూడిద కలిపి 400 కిలోలు. ఫ్యాక్టరీనుంచి వేడివేడిగా వస్తాయి, 60 అనుకోండి. నీళ్లు 160 లీటర్లు, 33 డిగ్రీలు. నీళ్లను ఒక డిగ్రీ మార్చడానికి పట్టే వేడిలో రాయికీ సిమెంట్‌కూ అయిదో వంతు చిల్లర, అంటే 0.22 వంతు చాలు. ఆ తూకంతో సగటు తీస్తే కలిపిన కాంక్రీట్ దాదాపు 40 డిగ్రీలు వస్తుంది. ఇప్పుడు నీళ్లను అయిదు డిగ్రీలకు చల్లబరిచి పోస్తే కాంక్రీట్ ఏడు డిగ్రీలు తగ్గుతుంది, 33కు వస్తుంది. అదే నీళ్లలో సగం, 80 కిలోలు, ఐస్‌గా వేస్తే 14 డిగ్రీలు తగ్గి 26కు వస్తుంది. తేడా ఎక్కడుందంటే కరగడంలో. కిలో ఐస్ కరిగి నీళ్లవడానికే 80 కిలోల నీళ్లను ఒక డిగ్రీ చల్లబరిచేంత వేడిని మింగుతుంది. ఆ మింగడం మిక్సర్ డ్రమ్ములోనే జరగాలి. బయట తొట్టిలో కరిగిపోయిన ఐస్ ఉత్త చల్లనీళ్లే.

మరి మొత్తం నీళ్లూ ఐస్‌గా వేస్తే? కుదరదు. పెన్న ఇసుకలో నూటికి నాలుగు పాళ్లు తేమ ఉంటే, 750 కిలోల ఇసుకలో ముప్పై లీటర్లు అప్పటికే వచ్చేసినట్టు. ఎడ్‌మిక్స్చర్ కలపడానికీ, కడగడానికీ కొంత నీళ్లు కావాలి. మిగిలినదాంట్లోనే ఐస్. మాకు 80 దాటి చోటు లేదు. కంకర కుప్పమీద షెడ్డు వేసి, సాయంత్రం నీళ్లు చిలకరించడం వల్ల కూడా లాభం ఉంది. కంకర, ఇసుక అయిదు డిగ్రీలు దిగితే కాంక్రీట్ మూడు దిగుతుంది. సిమెంట్‌ను చల్లార్చాలని కష్టపడితే మాత్రం పది డిగ్రీలకు ఒకటి చిల్లర మించి రాదు, దాన్ని వదిలేశాం.

లెక్క వేరు, ఐస్ సంపాదించడం వేరు. 500 ఘనపు మీటర్లకు 80 కిలోల చొప్పున నలభై టన్నులు. యాభై కిలోల దిమ్మలైతే ఎనిమిది వందలు. ఈ జిల్లాలో ఐస్ ఫ్యాక్టరీలకు కొదవలేదు, రొయ్యల చలవ. కాకపోతే అదే రొయ్యలు మనకు పోటీ. చెరువుల్లో పట్టుబడి జరిగే వారంలో రాఫ్ట్ పోత పెట్టుకుంటే ఐస్ సగం రాత్రికి ఆగిపోతుంది. అప్పుడు మొదటి సగం 26లో, రెండో సగం 40లో పడుతుంది. ముందే రొయ్యల వ్యాపారుల్ని అడిగి తేదీ పెట్టుకున్నాం.

రొయ్యల ఐస్‌తో ఇంకో చిక్కు ఉప్పు. దిమ్మ ఐస్ తయారయ్యేది ఉప్పునీటి తొట్టిలో ముంచిన రేకు డబ్బాల్లో. డబ్బాకు చిల్లు ఉంటే ఉప్పు లోపలికి దిగుతుంది, లేకపోయినా దిమ్మకు బయట అంటుకుని వస్తుంది. పైగా సముద్రం వైపు బోర్లు కొన్ని అసలే ఉప్పన. రొయ్యకు ఉప్పు ఏమీ చేయదు గానీ ఊచలను తినేస్తుంది. ఊచలున్న కాంక్రీట్‌కు వాడే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. ఐస్ కరిగితే అదీ నీళ్లే కదా. ఫ్యాక్టరీనుంచి ఒక దిమ్మ ముక్క తెచ్చి, గ్లాసులో కరిగించి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూశాం. ఎంత తెల్లబడితే అంత ఉప్పున్నట్టు. ఒక ఫ్యాక్టరీది పాలలా తెల్లబడింది, ఇంకోదానిది పల్చగా మసకబారింది. ఆ రెండోది ల్యాబుకు పంపి, అంకె వచ్చాకే ఆర్డరిచ్చాం.

తెచ్చిన దిమ్మను క్రషర్‌లో వేసి, బొటనవేలి గోరంత ముక్కలు చేసి, తూచి, మిక్సర్‌లో వేయాలి. పెద్ద ముక్కలు పడితే లారీ సైటుకు చేరినా కరగవు. పోసిన తర్వాత లోపల కరిగి, అక్కడ ఒక గుంట, చుట్టూ నీళ్లెక్కువైన మెత్తటి కాంక్రీట్ మిగులుతాయి. అంతకంటే మామూలుగా జరిగే తప్పు వేరే ఉంది. ఐస్ ఇంకా కరగకముందు కాంక్రీట్ పొడిపొడిగా కనిపిస్తుంది, ఎందుకంటే సగం నీళ్లు ఇంకా గడ్డలుగానే ఉన్నాయి. స్లంప్, అంటే కావలసినంత జారుడుతనం, రాలేదని ఆపరేటర్ ఓ బకెట్ నీళ్లు పోస్తాడు. అయిదు నిమిషాలకు ఐస్ కరిగి, కాంక్రీట్ రసంలా అయిపోతుంది. మేం ప్లాంట్‌లో ఒక మనిషిని ఇందుకోసమే నిలబెట్టాం. డ్రమ్ములో గలగల శబ్దం ఆగేదాకా స్లంప్ చూడొద్దు, నీళ్లు ముట్టొద్దు అన్నదొక్కటే అతని డ్యూటీ.

ప్లాంట్ దగ్గర 26. నలభై నిమిషాల ప్రయాణం, పంపు గొట్టం కలిసి మూడు డిగ్రీలు తిరిగి ఎక్కాయి. గొట్టానికి తడిగోనె చుట్టాం. ఎండ తగ్గాక సాయంత్రం ఆరుకు మొదలుపెట్టి, గంటకు నలభై ఘనపు మీటర్ల చొప్పున, తెల్లవారి ఏడు దాకా పోశాం. సైటులో సగటున 29. దానికి 37 కలిపితే 66. అంకె హద్దులోకి వచ్చింది.

ఐస్ పని అక్కడితో అయిపోయింది. ఇక్కడినుంచి చల్లదనం శత్రువు. ఎందుకంటే కాంక్రీట్ పడ్డాక నడిమిని చల్లార్చే దారి మనకు లేదు, మన చెయ్యి తగిలేది పైపొరకే. పైపొరను చల్లారిస్తే తేడా పెరుగుతుంది. (అమెరికాలో 1930లలో హూవర్ డ్యామ్ కట్టినప్పుడు దిమ్మెల లోపలే అంగుళం గొట్టాలు పెట్టి చల్లనీళ్లు తిప్పారు. అదొక్కటే లోపలికి చెయ్యి పెట్టే పద్ధతి. రెండు మీటర్ల రాఫ్ట్‌కు ఆ ఖర్చు, ఆ హడావుడి నా దృష్టిలో దండగ.)

ఈ పాఠం నేను వేరే చోట నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒంగోలు వైపు ఒక సైటులో, మీటరున్నర పైన మందమున్న రాఫ్ట్. నాలుగో రోజు మధ్యాహ్నం, పాపం బాగా వేడిగా ఉందని, క్యూరింగ్ మనుషులు పట్టా తీసేసి ట్యాంకర్ నీళ్లు ధారగా కొట్టారు. పైనుంచి ఆవిర్లు లేచాయి. చూడ్డానికి ఎంతో మంచిపని చేస్తున్నట్టే ఉంది, నేనూ పక్కనే నిలబడి చూశాను. మర్నాడు పొద్దున నడిమిలో అడ్డంగా ఒక పగులు, ఏటీఎం కార్డు అంచు దూరేంత కాదు గానీ గోరు పట్టేంత. మొదట ఎండకు వచ్చిందన్నారు. ఎండకు, గాలికి తేమ ఆరి వచ్చే పగుళ్లు పోసిన కొన్ని గంటల్లోనే వస్తాయి, పొట్టిగా, వరసగా. నాలుగైదు రోజులకు కొత్తగా వచ్చింది ఆ రకం కాదు. ఇంకో గుర్తు, పొద్దున్నే చూస్తే వెడల్పుగా, మధ్యాహ్నం చూస్తే సన్నగా ఉండేది. చల్లబడితే తెరుచుకునే పగులు వేడి తేడా పగులే. చివరికి ఎపాక్సీ ఎక్కించారు.

అందుకే ఈసారి మొదటే మూడు చోట్ల వేడిని కొలిచే థర్మోకపుల్ తీగలు పెట్టాం. ఒకటి నట్టనడుమ మీటరు లోతున, ఒకటి పైనుంచి యాభై మిల్లీమీటర్ల కింద, ఒకటి పక్క అంచు దగ్గర. తీగ కొనను ఊచకు తగలకుండా కట్టాలి, లేకపోతే ఊచ వేడిని చదువుతుంది. గంటకోసారి చదివి పుస్తకంలో రాసేవాళ్లం. పైన తేమ పోకుండా పాలిథీన్, దానిమీద రెండంగుళాల థర్మకోల్, గోనెలు, పట్టా. థర్మకోల్ సరిపోని అంచుల్లో వరిగడ్డి మందంగా పరిచాం, అది కూడా బాగానే పనిచేసింది. పక్కల సెంట్రింగ్ ప్లైవుడ్ విప్పలేదు. ప్లైవుడ్ కూడా దుప్పటే.

మూడో రోజు మేస్త్రీ అడిగినప్పుడు నేనేం చెప్పలేదు. గడ్డి కింద చెయ్యి పెట్టి చూడమన్నాను. పెట్టి, వెంటనే లాక్కున్నాడు. "పైనే ఇంత ఉడుకుంటే లోపల ఎంతుంటాది సార్?" పుస్తకం చూపించాను. నడిమి 66, పైపొర 52. తేడా 14.

అదే రోజు సాయంత్రం కాలమ్ మార్కింగ్ కోసమని ఎవరో ఒక మూల పట్టా, థర్మకోల్ తీసేశారు. నేను వచ్చేసరికి అలా మూడు గంటలు గడిచిపోయాయి. ఆ మూలే పైపొర తీగ ఉన్న చోటు. 52 కాస్తా 46 అయింది, నడిమి కదల్లేదు. తేడా 20. బయట ఇంకా 36 డిగ్రీల ఉక్క, అందరికీ చెమటలు, ఎవరికీ చల్లబడుతోందన్న స్పృహే లేదు. కాంక్రీట్‌కు మాత్రం 52 నుంచి 36 అంటే చలిగాలే. దారం, సున్నం పక్కన పెట్టించి మళ్లీ కప్పించాం. రాత్రి పదికల్లా 50కి తిరిగి వచ్చింది. ఆ మూల మీద ఇప్పటికీ పగులు లేదు, కానీ ఆ మూడు గంటల తర్వాత మార్కింగ్‌కు ఎవరొచ్చినా మేస్త్రీయే అడ్డం పడేవాడు.

దుప్పటి ఎప్పుడు తీయాలో కూడా క్యాలెండర్ చెప్పదు. నడిమి వేడికీ, రాబోయే రాత్రి అతి చల్లని గాలికీ తేడా 20 లోపుకు రావాలి. మాకు తెల్లవారుజామున 29 ఉండేది. పదో రోజు నడిమి 51, ఆగాం. పదకొండో రోజు 48. ఆ మధ్యాహ్నం ముందు పట్టా, సాయంత్రం గోనెలు, మర్నాడు థర్మకోల్ తీశాం. అన్నీ ఒకేసారి పీకేయలేదు. పాలిథీన్ కింద నీటి చెమ్మ ఇంకా ఉంది, మేస్త్రీ దాన్ని చేత్తో తుడిచి, వేడి చూసి, పైపుతో నీళ్లు కొట్టొచ్చా అని అడిగాడు. ఇంకో రెండు రోజులు ఆగమన్నాను.